ఫోటోలో వచ్చిన 1-0-1 చీటీ నుంచి రోజువారీ మందుల పట్టిక రాయడం ఎలా

1-0-1 అని రాసినప్పుడు డాక్టరు చెప్పింది రెండే సంగతులు: ఏ పూట వేసుకోవాలి, ఆ పూట ఎన్ని వేసుకోవాలి. ఎన్ని గంటలకు, తిండికి ముందా తర్వాతా, ఎన్ని రోజులు అన్నవి ఆ మూడు అంకెల్లో లేవు. అవి అదే చీటీలో ఇంకో మూల ఉండొచ్చు, డాక్టరు నోటితో చెప్పి ఉండొచ్చు, అసలు ఎవరూ చెప్పకపోయీ ఉండొచ్చు. పట్టిక రాసేవాళ్ల పనంతా ఆ ఖాళీలను చీటీలో వెతికి, దొరకనివి అడిగి నింపడమే. ఊహించి నింపిన పట్టిక కంటే ఖాళీ వదిలిన పట్టికే మేలు, ఎందుకంటే ఖాళీ కనిపిస్తే ఎవరో ఒకరు అడుగుతారు.

చాలా ఇళ్లలో ఈ పని దూరం నుంచే జరుగుతుంది. అమ్మ ఊళ్లో ఆసుపత్రి నుంచి ఇంటికొస్తుంది, ఎవరో చీటీ ఫోటో తీసి వాట్సాప్‌లో పెడతారు, హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో డల్లాస్‌లోనో ఉన్న కొడుకో కూతురో దాన్ని పట్టికగా రాసి తిరిగి పంపుతారు. ఈ వ్యాసం అలా రాసే మీ కోసమే.

ముందు ఫోటో సంగతి

తప్పులు చాలావరకు మొదలయ్యేది ఇక్కడే. చీటీ కుడి అంచు ఫోటోలో తెగిపోతే 1-0-1 కాస్తా 1-0 అవుతుంది, లేదా దాని పక్కనున్న "5 రోజులు" మాయమవుతుంది. మడత పడిన గీత అంకె మీదుగా పోతే 0, 1 లాగా కనిపిస్తుంది. కాబట్టి చీటీని బల్ల మీద పరిచి, కిటికీ పక్క వెలుతురులో, నాలుగు మూలలూ కనిపించేలా తీయమనండి. వెనక వైపు కూడా తీయమనండి. మందులు ఎక్కువైతే డాక్టర్లు వెనక పేజీలో కొనసాగిస్తారు, తిప్పి చూడకపోతే ఆ సగం పోయినట్టే. డిశ్చార్జి సమ్మరీ అయితే మందుల పేజీ ఒక్కటే కాకుండా అన్ని పేజీలూ కావాలి, ఎందుకంటే "ఈ మందు ఆపేయాలి" అన్న మాట తరచుగా వేరే పేజీలో ఉంటుంది.

వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటో నాణ్యత తగ్గి వస్తుంది. హెచ్‌డీ గుర్తు నొక్కి పంపమనండి, లేదా డాక్యుమెంటుగా పంపమనండి. పెద్దది చేసి చూసినప్పుడు అర మాత్ర గుర్తు ½ స్పష్టంగా కనబడితే ఆ ఫోటో పనికొస్తుంది. కనబడకపోతే మళ్లీ తీయించండి.

చీటీతో పాటు ఇంకో రెండు ఫోటోలు అడగండి. ఒకటి మందుల షాపు బిల్లు. రెండోది ఇంట్లో ఉన్న ప్రతి స్ట్రిప్పు, పేరూ మి.గ్రా.లూ కనిపించే వైపు. చేతిరాతలో అర్థం కాని పేరు స్ట్రిప్పు మీద అచ్చులో దొరుకుతుంది. అయితే షాపు వాళ్లు వేరే మందు ఇచ్చి ఉండే అవకాశం కూడా ఉంది గనుక ఈ మూడూ ఒకదానికొకటి సరిపోవాలి. చీటీలో ఒక పేరు, స్ట్రిప్పు మీద మరో పేరు ఉంటే కంపెనీ మాత్రమే వేరా, లోపలి మందే వేరా అన్నది స్ట్రిప్పు మీద చిన్న అక్షరాల్లో ఉండే రసాయన నామం చూసి తేల్చుకోవాలి. అది కూడా తేలకపోతే షాపుకు ఫోన్ చేయాలి.

చీటీని ఉన్నదున్నట్టు ఎక్కించుకోండి

పట్టిక మొదలుపెట్టే ముందు చీటీలోని ప్రతి వరుసనూ అలాగే రాసుకోండి. అర్థం చెప్పుకోవడం, సర్దడం అన్నీ తర్వాత. ఫోన్‌లో ఫోటో నుంచి అక్షరాలు కాపీ చేసే సౌకర్యం ఉన్నా ఈ అంకెల విషయంలో దాన్ని నమ్మకండి. 1-0-1 లోని గీతలు జారిపోయి 101 అయిపోవచ్చు, ½ గుర్తు మరేదో అయిపోవచ్చు. పది వరుసలు చేత్తో టైపు చేయడానికి పది నిమిషాలు పట్టదు.

ఎక్సెల్‌లో టైపు చేసేవాళ్లకు ఒక హెచ్చరిక. 1-1-1 అని కొట్టగానే అది తారీఖు అనుకుని 2001 జనవరి 1గా మార్చేస్తుంది. 1-0-1 మాత్రం తారీఖు కాలేదు కాబట్టి అలాగే ఉంటుంది, అందుకే కొన్ని వరుసలు బాగుండి కొన్ని పాడై కనిపిస్తాయి. అంకెల ముందు ఒక సింగిల్ కోట్ పెడితే చాలు:

```
'1-1-1
```

ఒక చీటీ తీసుకుని చివరిదాకా చేద్దాం. డెబ్బై ఏళ్ల ఆవిడ, షుగరు, థైరాయిడ్ ఉన్నాయి. కాలికి ఇన్ఫెక్షన్, వాపు వచ్చి ఆసుపత్రిలో ఉండి సోమవారం సాయంత్రం ఇంటికి వచ్చారనుకుందాం. చీటీ ఇలా ఉంది:

```
1. T. THYROXINE 50 mcg       1-0-0  empty stomach
2. T. PANTOPRAZOLE 40 mg     1-0-0  BBF  x 15 days
3. T. GLIMEPIRIDE 1 mg +
      METFORMIN 500 mg       1-0-1  BF
4. T. AMOX-CLAV 625 mg       1-0-1  AF   x 5/7
5. T. FUROSEMIDE 40 mg       1-½-0       x 15 days
6. T. CALCIUM 500 mg         0-1-0  AF
7. T. ATORVASTATIN 10 mg     0-0-1
8. CAP. VITAMIN D3 60000 IU  weekly once x 8
9. T. PARACETAMOL 650 mg     SOS
```

అంకెలు చదవడం

మూడు అంకెలుంటే వరసగా ఉదయం, మధ్యాహ్నం, రాత్రి. నాలుగుంటే ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి. చిక్కు వచ్చేది కొందరు సున్నా రాయకుండా గీత మాత్రమే పెట్టినప్పుడు. `1 – – 1` అని ఉంటే మధ్యలో ఎన్ని ఖాళీలున్నాయో చెప్పడం కష్టం. రోజుకు రెండు అన్నది ఎలాగూ తెలుస్తుంది, రెండోది రాత్రికే అన్నదీ తెలుస్తుంది, కాబట్టి అక్కడ పెద్ద నష్టం లేదు. కానీ `1 – 1` అని మాత్రమే ఉంటే ఉదయం, రాత్రా? ఉదయం, మధ్యాహ్నమా? ఇది అడగాల్సిందే. అంకెలకు బదులు `BD` అంటే రోజుకు రెండుసార్లు, `TDS` అంటే మూడుసార్లు, `HS` అంటే పడుకునే ముందు, `SOS` అంటే అవసరమైతేనే. `AF` అంటే తిండి తర్వాత.

`OD` అంటే మామూలుగా రోజుకు ఒకసారి. కానీ కంటి డాక్టరు చీటీలో అదే `OD` కుడి కన్ను, `OS` ఎడమ కన్ను, `OU` రెండు కళ్లూ అవుతాయి. శుక్లాల ఆపరేషన్ తర్వాత ఇచ్చిన చుక్కల మందు పక్కన `OD` కనిపిస్తే రోజుకు ఒక్కసారే అని పట్టికలో రాయకండి. ఆ చుక్కలు రోజుకు చాలాసార్లు వేసి వారానికోసారి తగ్గించుకుంటూ వచ్చే పద్ధతి మామూలు.

అంకెలు మాత్రల సంఖ్య అనే నమ్మకం కూడా అన్నిచోట్లా పనికిరాదు. ఇన్సులిన్ పక్కన 20-0-14 అని ఉంటే అవి యూనిట్లు. ఉదయం 20, రాత్రి 14. పట్టికలో అంకె పక్కన "యూనిట్లు" అన్న మాట పూర్తిగా రాయండి. మన దగ్గర ఇన్సులిన్ సీసాలు చాలావరకు ఒక మి.లీ.కి 40 యూనిట్లవి, పెన్నుల్లోది 100 యూనిట్లది. సీసాకు తగ్గ సిరంజి వాడకపోతే 20 అని గీత చూసి లాగినా లోపలికి వెళ్లేది 20 కాదు. అందుకే పట్టికలో ఏ సిరంజి అన్నది కూడా ఒక మాట ఉండాలి. సిరప్ పక్కన 5-0-5 ఉంటే అవి మి.లీ.లు. సీసా మూతతో వచ్చిన కొలత కప్పుతోనే పోయాలి, వంటింటి చెంచాతో కాదు.

ఇప్పుడు మన చీటీలో మూడు వరుసలు ఆగి చూడాల్సినవి.

మూడో వరుసలో `BF` ఉంది. కొందరు దీన్ని తిండికి ముందు అన్న అర్థంలో రాస్తారు, కొందరు ఉదయం టిఫిన్ అన్న అర్థంలో. ఇక్కడ పక్కనే 1-0-1 ఉంది, రాత్రి కూడా వేసుకోవాలి కాబట్టి టిఫిన్ అన్న అర్థం కుదరదు, తిండికి ముందు అన్నదే కుదురుతుంది. రెండో వరుసలో `BBF` అని స్పష్టంగా టిఫిన్‌కు ముందు అని రాశారు. అయినా షుగరు మందు కాబట్టి మూడో వరుసను ఒకసారి అడిగి ఖాయం చేసుకోండి.

నాలుగో వరుసలో 5/7 ఉంది. దీన్ని "ఐదు నుంచి ఏడు రోజులు" అనో, "వారంలో ఐదు రోజులు" అనో చదివేవాళ్లున్నారు. అసలు అర్థం ఐదు రోజులు. కింద 7 ఉంటే రోజులు, 52 ఉంటే వారాలు, 12 ఉంటే నెలలు. 2/52 అంటే రెండు వారాలు, 3/12 అంటే మూడు నెలలు.

ఎనిమిదో వరుస అన్నిటికంటే జాగ్రత్తగా చూడాల్సింది. విటమిన్ డి 60,000 యూనిట్ల క్యాప్సూల్ వారానికి ఒక్కటే. మిగతా మందులన్నీ రోజూ వేసుకునేవి కాబట్టి దీన్నీ ఆ వరసలో పెట్టేస్తే ఎనిమిది వారాల మందు ఎనిమిది రోజుల్లో అయిపోతుంది. ఇదే తప్పు కీళ్లవాతానికి వాడే మెథోట్రెక్సేట్ విషయంలో జరిగితే ప్రాణం మీదికి వస్తుంది. అది కూడా వారానికి ఒకసారి మాత్రమే వేసుకునే మందు. రోజూ వేసుకుంటే ఎముకల మజ్జ దెబ్బతిని రక్తకణాలు పడిపోతాయి. వారపు మందు ఏదైనా సరే రోజువారీ గడుల్లోకి రానివ్వకండి. దానికి పట్టిక అడుగున వేరే పెట్టె గీసి, వారం పేరు రాసి, తారీఖులన్నీ వరసగా వేసి, వేసుకున్నాక ఒక్కొక్కటీ కొట్టేయమనండి.

ఇంటి వేళలు అడగండి

డాక్టరు రాసిన "ఉదయం" గడియారంలో ఎక్కడా లేదు, అది ఆ ఇంట్లో ఉంది. అమ్మ ఎన్నింటికి లేస్తారు, కాఫీ ఎప్పుడు, టిఫిన్ ఎప్పుడు, భోజనం ఎప్పుడు, రాత్రి తినేది ఎప్పుడు, పడుకునేది ఎప్పుడు అని అడిగి రాసుకోండి. మన ఉదాహరణలో ఆరింటికి లేవడం, ఎనిమిదింటికి టిఫిన్, ఒంటిగంటకు భోజనం, రాత్రి ఎనిమిదింటికి చపాతీలో అన్నమో, తొమ్మిదిన్నరకు పడక.

ఇంకో ప్రశ్న మరవకండి: ఒక్కపొద్దులు ఉంటారా? శనివారం రాత్రి తినని ఇల్లు, ఏకాదశికి ఉపవాసం ఉండే ఇల్లు, రంజాన్‌లో రోజా ఉండే ఇల్లు మన చుట్టూ చాలా. గ్లిమెపిరైడ్ వేసుకుని తినకపోతే షుగరు పడిపోతుంది. చెమటలు, వణుకు, తల తిరగడం, మాట తడబడడం వస్తాయి, ముదిరితే స్పృహ తప్పుతారు. ఆ రోజుల్లో ఆ మాత్రను ఏం చేయాలో డాక్టర్ని ముందే అడిగి, ఆ జవాబును పట్టికలోనే రాయాలి. "తినకపోతే వేసుకోవద్దు" అని మీరే నిర్ణయించి రాయడం కూడా ఊహే అవుతుంది.

గడుల్లో నింపడం

ఇప్పుడు చీటీ వరసను వదిలేసి వేళల వరసలోకి మారండి. చాలామంది పట్టికలు పనికిరాకుండా పోయేది ఇక్కడే: మందు పేరు ఎడమ పక్కన, పూటలు పైన రాసి వదిలేస్తారు. అది చీటీనే అందంగా తిరగరాయడం. అమ్మకు కావాల్సింది "ఇప్పుడు ఎనిమిదైంది, నేను ఏం వేసుకోవాలి?" అన్నదానికి జవాబు. కాబట్టి ఎడమ పక్కన వేళ ఉండాలి, దాని ఎదురుగా ఆ వేళకు వేసుకునేవి అన్నీ ఉండాలి.

ఉదయం 6:00, లేవగానే పరగడుపున: థైరాక్సిన్ 50 మైక్రోగ్రాములు, 1 మాత్ర, మంచినీళ్లతో. టిఫిన్‌కు కనీసం అరగంట నుంచి గంట ముందు వేసుకోవాల్సిన మందు ఇది. కాఫీతో కలిపి వేసుకుంటే ఒంటికి పట్టడం తగ్గుతుంది, అందుకని పట్టికలో "కాఫీ 7 తర్వాత" అని కూడా రాయండి. చీటీలో 1-0-0, empty stomach అని మాత్రమే ఉన్న మందుకు ఇంత వివరం కావాలి.

ఉదయం 7:30, టిఫిన్‌కు అరగంట ముందు: పాంటొప్రజోల్ 40 మి.గ్రా., 1 మాత్ర.

ఉదయం 8:00, టిఫిన్ ప్లేటు ముందు పెట్టుకుని: గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన షుగరు మాత్ర, 1. "తిండికి ముందు" అంటే పాంటొప్రజోల్‌కు అరగంట, షుగరు మాత్రకు తినబోయే ముందు. ఒకే మాటకు రెండు మందుల దగ్గర రెండు అర్థాలు. ఈ రెంటినీ ఒకే గడిలో పెట్టి ఏడున్నరకు వేయించేస్తే, టిఫిన్ ఆలస్యమైన రోజు ఆవిడకు షుగరు పడిపోతుంది.

ఉదయం 8:30, టిఫిన్ అయ్యాక: అమాక్సిసిలిన్-క్లావులనేట్ 625, 1 మాత్ర. ఫ్యూరోసెమైడ్ 40 మి.గ్రా., 1 మాత్ర.

మధ్యాహ్నం 1:30, అన్నం తిన్నాక: కాల్షియం 1 మాత్ర. ఫ్యూరోసెమైడ్ అర మాత్ర. కాల్షియం మధ్యాహ్నానికి ఇవ్వడానికి కారణం ఉంది: థైరాక్సిన్‌తో దానికి కనీసం నాలుగు గంటల ఎడం కావాలి, లేకపోతే థైరాక్సిన్‌ను కడుపులోనే పట్టేసుకుంటుంది. ఐరన్ మాత్రదీ అదే సంగతి. "అన్నీ పొద్దున్నే ఒకేసారి వేసేసుకుంటాను" అని అమ్మ అంటే ఒప్పుకోకూడని చోటు ఇదే. ఫ్యూరోసెమైడ్ నీరు తీసే మందు, వేసుకున్నాక కొన్ని గంటలపాటు ఎక్కువసార్లు మూత్రానికి వెళ్లాల్సి వస్తుంది. 1-½-0 అని రాత్రి సున్నా పెట్టింది అందుకే. మధ్యాహ్నం మరిచిపోయిన అర మాత్రను రాత్రి వేసుకుంటే నిద్రలో లేచి చీకట్లో బాత్రూమ్‌కు నడవాలి, డెబ్బై ఏళ్ల మనిషి పడిపోయేది అప్పుడే.

రాత్రి 8:00, తినబోయే ముందు: షుగరు మాత్ర 1.

రాత్రి 8:30, తిన్నాక: అమాక్సిసిలిన్-క్లావులనేట్ 625, 1 మాత్ర. ఉదయం ఎనిమిదిన్నరకు, రాత్రి ఎనిమిదిన్నరకు మధ్య పన్నెండు గంటలు. యాంటీబయాటిక్‌కు 1-0-1 అంటే దాదాపు ఈ ఎడమే కావాలి. రాత్రి ఏడింటికే తినే ఇంట్లో పది పదకొండు గంటలు వచ్చినా ఇబ్బంది లేదు, కానీ "ఉదయం" అన్నది పదకొండింటికి జారి "రాత్రి" ఏడింటికి వస్తే ఎడం ఎనిమిదే అవుతుంది, ఆ తర్వాత పదహారు గంటల ఖాళీ ఉంటుంది.

రాత్రి 9:30, పడుకునే ముందు: అటార్వస్టాటిన్ 10 మి.గ్రా., 1 మాత్ర. దీన్ని ఎనిమిదిన్నర గడిలోకి మార్చినా ఫర్వాలేదు. గడులు ఎన్ని తగ్గితే మరుపు అంత తగ్గుతుంది, కాబట్టి నేనైతే మారుస్తాను. ఎడం తప్పనిసరి అయిన మందులను కలపకుండా, కలపగలిగినవాటిని కలపడమే పట్టికలోని నేర్పు.

పారాసిటమాల్ 650 ఏ వేళ గడిలోనూ రాకూడదు. వారపు పెట్టె పక్కన "అవసరమైతేనే" అని ఇంకో పెట్టె గీసి నాలుగు సంగతులు రాయండి: ఏ బాధకు, ఒకసారికి ఎన్ని, మళ్లీ వేసుకోవడానికి కనీసం ఎన్ని గంటలు ఆగాలి, రోజుకు ఎన్నిటికి మించకూడదు. చీటీలో `SOS` అని ఒక్క ముక్కే ఉంటుంది కాబట్టి ఈ నాలుగూ డాక్టర్ని అడగాల్సినవే. ఇంట్లో జలుబు మాత్రలుంటే వాటిలో కూడా పారాసిటమాల్ ఉండే అవకాశం ఎక్కువ, స్ట్రిప్పు వెనక చూడమనండి.

లెక్క సరిచూసుకోవడం

పట్టిక సరిగ్గా వచ్చిందా అని తేల్చడానికి చేతిలో ఉన్న మంచి సాధనం షాపు బిల్లు. రోజుకు ఎన్ని, ఎన్ని రోజులు, గుణిస్తే బిల్లులోని సంఖ్య రావాలి. అమాక్సిసిలిన్-క్లావులనేట్ 1-0-1, ఐదు రోజులు, పది మాత్రలు. బిల్లులో పదిహేను ఉంటే షాపు వాళ్లు దాన్ని 1-1-1 గా చదివారన్నమాట. వాళ్లు తప్పా, మీరు తప్పా అన్నది ఫోన్ చేసి తేల్చుకోవాలి. ఫ్యూరోసెమైడ్ రోజుకు ఒకటిన్నర, పదిహేను రోజులకు ఇరవై రెండున్నర, అంటే ఇరవై మూడు ఇచ్చి ఉండాలి. పదిహేనే ఇచ్చి ఉంటే ½ ఎవరి కంటా పడలేదన్నమాట. షాపులు కొన్ని మందులను స్ట్రిప్పు మొత్తంగా ఇస్తాయి కాబట్టి కొంచెం ఎక్కువ ఉండడం మామూలే. తక్కువ ఉండడం మాత్రం ప్రశ్నే.

ఆపే తారీఖు కూడా లెక్కేసి రాయండి. మన ఉదాహరణలో యాంటీబయాటిక్ మొదటి మాత్ర సోమవారం రాత్రి పడింది. మంగళ, బుధ, గురు, శుక్రవారాలు రోజుకు రెండు చొప్పున ఎనిమిది. మొత్తం తొమ్మిది. పదోది శనివారం ఉదయం. "ఐదు రోజులు" అని మాత్రం రాసి వదిలేస్తే శుక్రవారం రాత్రికే ఆపి ఒక మాత్ర మిగిల్చేస్తారు. "చివరి మాత్ర శనివారం ఉదయం" అని రాస్తే ఆ అనుమానం రాదు. థైరాక్సిన్, షుగరు మాత్ర, కాల్షియం, అటార్వస్టాటిన్ పక్కన చీటీలో రోజులు లేవు. థైరాయిడ్, షుగరు మందులు మామూలుగా ఆపేవి కావు, అయినా రోజులు లేని ప్రతి మందు గురించీ "ఇది ఎప్పటిదాకా?" అని అడిగి, జవాబు వచ్చేదాకా ఆ గడిలో ప్రశ్నార్థకం ఉంచండి.

లెక్కతో పాటు పాత మందుల సంగతి చూడాలి. ఆసుపత్రికి వెళ్లక ముందు వాడుతున్న షుగరు మాత్రలు ఇంట్లోనే ఉంటాయి. వాటిలో మెట్‌ఫార్మిన్ విడిగా ఉందనుకోండి. కొత్త మాత్రలో మెట్‌ఫార్మిన్ కలిసే ఉంది. పేర్లు వేరు కాబట్టి రెండూ వేసుకుంటారు. స్ట్రిప్పుల ఫోటోలు ముందే అడిగింది ఇందుకోసం కూడా. పాత, కొత్త స్ట్రిప్పుల మీద ఒకే రసాయన నామం రెండుసార్లు కనిపిస్తే, లేదా కొత్త చీటీలో లేని పాత మందు ఇంట్లో వాడకంలో ఉంటే, డాక్టర్ని అడగకుండా కొనసాగించకూడదు, అడగకుండా ఆపకూడదు.

అర మాత్ర విషయం చిన్నదే. మాత్ర మధ్యలో గీత ఉంటే విరవొచ్చు. పేరు చివర `SR`, `XR`, `ER` లాంటివి ఉంటే నెమ్మదిగా కరిగేలా చేసిన మాత్ర, దాన్ని విరవొచ్చో లేదో షాపులో అడిగాకే విరవాలి.

ఖాయం చేసుకుని అందించడం

డాక్టరుకో, ఆసుపత్రి నర్సుకో, మందుల షాపు ఫార్మసిస్టుకో ఫోన్ చేసినప్పుడు "వన్ జీరో వన్ కదండీ?" అని అడగకండి. అవతలివాళ్లు పనిలో ఉండి "ఆఁ, అవును" అనేస్తారు. మాటల్లో చదవండి: "యాంటీబయాటిక్ ఉదయం టిఫిన్ తర్వాత ఒకటి, మధ్యాహ్నం లేదు, రాత్రి తిన్నాక ఒకటి, శనివారం ఉదయంతో ఆఖరు. సరేనాండీ?" ఇలా చదివితే తప్పు ఉంటే వాళ్ల చెవికి తగులుతుంది. పట్టికలో కూడా 1-0-1 అన్న గుర్తులు ఉంచకండి. "1 మాత్ర", "అర మాత్ర" అని అక్షరాల్లో రాయండి.

పట్టిక తెలుగులో, పెద్ద అక్షరాల్లో, ఒకే పేజీలో ఉండాలి. మందు పేరు మాత్రం తెలుగుతో పాటు స్ట్రిప్పు మీద ఉన్న ఇంగ్లీషు అక్షరాల్లో కూడా రాయండి, పోల్చి చూసుకోవాలి కదా. చదవడం రాని వాళ్లకైతే సూర్యుడు, చంద్రుడు బొమ్మలు వేసి, ప్రతి స్ట్రిప్పు మీదా పూటకో రంగు స్టిక్కరు అంటించి, పట్టికలో అదే రంగు పెట్టండి. "తెల్ల బిళ్ల", "ఎర్ర గోలీ" అని మాత్ర రంగును గుర్తుగా రాయడం మంచిది కాదు. వచ్చే నెల కంపెనీ మారితే రంగూ మారుతుంది.

ఫోన్‌లో అలారం పెట్టాలనుకుంటే అమ్మ ఫోన్‌లోనే, అక్కడి వేళతోనే పెట్టించండి. అమెరికా నుంచి క్యాలెండరులో పెట్టి పంపేవాళ్లు టైమ్ జోన్‌ను ఇండియాకు మార్చి పెట్టాలి. న్యూజెర్సీలో వేసవిలో రాత్రి ఎనిమిదిన్నరకు పెట్టిన గుర్తు ఇక్కడ ఉదయం ఆరింటికి మోగుతుంది. నవంబరులో అక్కడ గడియారాలు వెనక్కి జరిగాక అదే గుర్తు ఇక్కడ ఏడింటికి మోగడం మొదలవుతుంది, థైరాక్సిన్ వేళ గంట జారిపోతుంది.

ఒక పూట మరిచిపోతే ఏం చేయాలన్నది మందును బట్టి మారుతుంది. అన్నిటికీ వర్తించే మాట ఒక్కటే: తర్వాతి పూట రెండు కలిపి వేసుకోకూడదు. దీన్ని పట్టిక అడుగున రాసి, పక్కన డాక్టరు నంబరు, షాపు నంబరు వేయండి.

పై మూల మూడు తారీఖులు ఉండాలి: చీటీ రాసిన తారీఖు, పట్టిక రాసిన తారీఖు, మళ్లీ డాక్టర్ని చూడాల్సిన తారీఖు. ఆ మూడో తారీఖున కొత్త చీటీ వస్తే పాత పట్టికలో ఒక గడి కొట్టేసి పక్కన రాయడం వద్దు. మొదటి నుంచి కొత్త పట్టిక రాసి, గోడ మీది పాతది తీయించి, తీశారని ఫోటో తెప్పించుకోండి. ఫ్యామిలీ గ్రూపులో పాత పట్టిక ఫోటోను కూడా అందరికీ డిలీట్ చేయండి, రోజులు గడిచి అది కుదరకపోతే దానికి రిప్లైగా "ఇది వాడొద్దు, కొత్తది వచ్చింది" అని రాయండి. మూడు వారాల తర్వాత ఎవరో పైకి జరుపుకుంటూ వెళ్లి పాత ఫోటో చూసి మందులు కొనుక్కొస్తారు.